మాటిమాటికీ తిరిగే గాలిలో చిన్న తెరచాప పడవ: టాక్, జైబ్ మొదటి నుంచి

"కోర్సులో టాక్ బాగానే వచ్చింది, వర్షాకాలంలో హుస్సేన్‌సాగర్‌లో చేస్తే మాత్రం పడవ సగంలో ఆగిపోతోంది." "జైబ్ నేను చేయలేదు, బూమ్ దానంతట అదే వచ్చి తలకి తగిలింది." ఈ రెండూ ఎంతమంది అడిగారో లెక్కలేదు. అందుకే విడిగా రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేదంతా ఒక్కరే నడిపే లేజర్ పడవని దృష్టిలో పెట్టుకుని. ఇప్పుడు దాన్ని ఐఎల్‌సీఏ అంటున్నారు, పొడవు 4.2 మీటర్లు, ఒకటే తెరచాప. మెయిన్‌షీట్, అంటే తెరచాపని లాగే తాడు, పడవ మధ్యలోంచి చేతికి వస్తుంది. తెరచాప కింది అంచు వెంబడి ఉండే అడ్డకర్ర బూమ్. పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవకీ, ఇద్దరు నడిపే పడవలకీ కాళ్లూ చేతులూ కదిలే తీరు కొంచెం మారుతుంది కానీ గాలి లెక్క మారదు.

## 1. ముందు నాలుగు మాటలు

గాలి ఎటునుంచి వస్తోందో అటు పక్క "గాలి వైపు", ఎటు పోతోందో అటు "దిగువ వైపు". మీరు కూర్చునేది గాలి వైపు, బూమ్ ఉండేది దిగువ వైపు.

టాక్ అంటే పడవ ముక్కుని గాలికి ఎదురుగా తిప్పి అవతలి పక్కకి తేవడం. జైబ్‌లో పడవ వెనుక భాగం గాలిని దాటుతుంది. టాక్‌లో తెరచాప ముందు పటపటా కొట్టుకుని, బలం పోయి, మెల్లగా పక్క మారుతుంది. జైబ్‌లో బలం పోదు, బూమ్ ఒక్క ఊపున వస్తుంది.

ఎదురుగాలిలో వెళ్తుంటే గాలి మీ ముక్కు వైపుకి జరిగితే అది హెడర్, అంటే పడవని దిగువకి తిప్పక తప్పదు. గాలి మీ వెనుక వైపుకి జరిగితే లిఫ్ట్, అదే పక్క మీద ఇంకాస్త పైకి పోవచ్చు.

గాలి కుడి పక్క నుంచి తగులుతుంటే స్టార్‌బోర్డ్ టాక్, ఎడమ నుంచి తగులుతుంటే పోర్ట్ టాక్. రెండు తెరచాప పడవలు ఎదురైతే పోర్ట్‌లో ఉన్నది తప్పుకోవాలి. బుద్ధుడి దగ్గరికి తిరిగే మోటారు బోట్లు ఈ రూలు ప్రకారం తప్పుకుంటాయని మాత్రం ఆశ పెట్టుకోకండి.

## 2. నీళ్లలోకి దిగే ముందు

గాలి 6 నుంచి 10 నాట్లు ఉన్న రోజు చూసుకోండి, అంటే గంటకి సుమారు 11 నుంచి 18 కిలోమీటర్లు. చెరువంతా తెల్ల నురగలు కనిపిస్తుంటే ఆ రోజు నేర్చుకునే రోజు కాదు. అంతకంటే ముఖ్యం, ఒడ్డున పది నిమిషాలు ఊరికే కూర్చుని జెండాని చూడాలి. సగటు దిశ ఎటు, అటూ ఇటూ ఎంత ఊగుతోంది, ఒక ఊపుకి ఎంతసేపు పడుతోంది అన్నవి మనసులో పెట్టుకోండి. చాలామంది ఈ పది నిమిషాలు ఫోన్ చూస్తూ గడిపేసి, తర్వాత నీళ్ల మీద గంటసేపు తికమక పడతారు.

నైరుతి రుతుపవనాల రోజుల్లో ఇక్కడ గాలి ఎక్కువగా పడమర నుంచి, నెక్లెస్ రోడ్డు మీదుగా వస్తుంది. భవనాలూ చెట్లూ దాటి వచ్చేసరికి అది ముక్కలు ముక్కలుగా దిగుతుంది. అందుకని పడమటి ఒడ్డుకి దగ్గరగా ప్రాక్టీసు పెట్టుకోవద్దు, అక్కడ గాలికి ఒక దిశంటూ ఉండదు. చెరువు మధ్యకి వస్తే కాస్త తీరుగా ఉంటుంది.

దిగే ముందు చూసుకోవాల్సినవి:

- లైఫ్ జాకెట్ బిగుతుగా ఉందా, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవుల దాకా వస్తోందా (వస్తే వదులు)
- మెయిన్‌షీట్ చివర ముడి ఉందా, తాడు కాళ్ల దగ్గర చుట్టలు పడకుండా ఉందా
- టిల్లర్, అంటే చుక్కానిని తిప్పే కర్ర, దాని చివర చేతికి వచ్చే పొడుగు ఎక్స్‌టెన్షన్ అటూ ఇటూ పూర్తిగా తిరుగుతోందా
- డాగర్‌బోర్డు, అంటే పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక, పైకి లాగితే దాని పై అంచు బూమ్‌కి గానీ, బూమ్‌ని కిందికి పట్టి ఉంచే వాంగ్‌కి గానీ ఎక్కడ తగులుతుందో చూసి, అంతకంటే కొంచెం కింద రంగు టేపుతో గుర్తు
- బయటికి వాలేటప్పుడు కాళ్లు పెట్టుకునే పట్టీ, అంటే హైకింగ్ స్ట్రాప్, దాని తాడు అరిగి ఉందా

టేపు గుర్తు చిన్న విషయంలా ఉంటుంది. జైబ్ మధ్యలో బోర్డుకి బూమ్ తట్టుకుని ఆగిపోతే పడవ మిమ్మల్ని అడగకుండానే బోల్తా పడుతుంది.

## 3. గాలి తిరిగిందా, తగ్గిందా?

ఈ ఒక్కటీ తెలియక టాకులు వృథా అవుతాయి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

పడవ నడుస్తున్నప్పుడు మీ ముఖానికి తగిలే గాలి అసలు గాలి ఒక్కటే కాదు, పడవ వేగం వల్ల ఎదురుగా పుట్టే గాలి కూడా అందులో కలిసి ఉంటుంది. అసలు గాలి ఒక్కసారిగా తగ్గితే పడవ మాత్రం ఊపు మీద ఇంకా పోతూనే ఉంటుంది కాబట్టి, ఆ రెండు మూడు సెకన్లు గాలి ముక్కు వైపు నుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. తెరచాప ముందు అంచు వణుకుతుంది. అచ్చం హెడర్ లాగే ఉంటుంది, కానీ కాదు. అది నమ్మి టాక్ చేస్తే, ఉన్న కాస్త వేగమూ పోయి గాలికి ఎదురుగా బొమ్మలా నిలబడిపోతారు. మొదటి సీజన్‌లో నేను పది నిమిషాల్లో ఏడు టాకులు కొట్టి, తల తిప్పి చూస్తే బయలుదేరిన చోట నీళ్ల మీద తేలే బోయ ఇంకా పక్కనే ఉంది.

తేడా తెలుసుకోవడానికి తెరచాప వణకగానే టిల్లర్ కదపకుండా మనసులో ఐదు లెక్కపెట్టండి. ఈలోపు పడవ మీ మీదకి ఒరిగి, వేగం తగ్గి, అదే దిశలో తెరచాప మళ్లీ నిండుకుంటే గాలి తగ్గిందంతే. మీ బరువు లోపలికి జరుపుకుని అలాగే పోండి. ఐదు లెక్కపెట్టినా వణుకు ఆగక, పడవని దిగువకి తిప్పితే తప్ప నిండకపోతే, అప్పుడు గాలి నిజంగా తిరిగింది.

ఎంత తిరిగింది? చేయి బారుగా చాపి పిడికిలి పెట్టి చూడండి, దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. ముక్కు ఎదురుగా ఒడ్డు మీద ఒక గుర్తు పెట్టుకుని, ఇప్పుడు ముక్కు ఆ గుర్తుకి ఎన్ని పిడికిళ్లు పక్కకి జరిగిందో చూస్తే చాలు, దిక్సూచి అక్కర్లేదు. పిడికిలి కంటే తక్కువైతే కొత్తవాళ్లు టాక్ చేయొద్దనే నా మాట, ఎందుకంటే మన టాక్‌లో పోయే దూరం ఆ చిన్న మార్పుతో వచ్చే దూరం కంటే ఎక్కువ.

## 4. ఒక ఉదాహరణ, నీళ్ల మీద

ట్యాంక్‌బండ్ వైపు, చెరువు ఉత్తర భాగం నుంచి పడమరకి ఎదురుగాలిలో పోతున్నారనుకుందాం. గాలి నేరుగా పడమర నుంచి, 270 డిగ్రీలు. ఇలాంటి పడవ గాలికి 45 డిగ్రీల దగ్గర నడుస్తుంది కాబట్టి స్టార్‌బోర్డ్‌లో మీ దిశ 225, అంటే నైరుతి. ముక్కుకి ఎడమగా, ఓ పిడికిలిన్నర దూరంలో బుద్ధ విగ్రహం కనిపిస్తోంది.

మూడు నిమిషాలకి తెరచాప వణికింది. ఐదు లెక్కపెట్టారు, ఆగలేదు. పడవని దిగువకి తిప్పి తెరచాప నింపుకునేసరికి ముక్కు సరిగ్గా బుద్ధుడి మీద ఉంది. అంటే గాలి 15 డిగ్రీలు ఎడమకి, 255కి జరిగింది. మీరు ఇప్పుడు 210లో పోతున్నారు, పడమరకి కాకుండా దక్షిణానికి. ఇది టాక్ చేయాల్సిన హెడర్. పోర్ట్‌లోకి వస్తే దిశ 300, గాలి మారకముందు అదే పోర్ట్‌లో 315 వచ్చేది. అంటే పదిహేను డిగ్రీలు పడమరకి దగ్గరగా, ఉచితంగా.

ఇంకో నాలుగు నిమిషాలకి గాలి అటు ఊగి 285కి వచ్చింది. ఇప్పుడు పోర్ట్‌లో ముక్కు కుడికి జరుగుతూ జరుగుతూ సంజీవయ్య పార్కులోని పెద్ద జెండా వైపు పోతుంది, దిశ 330. మళ్లీ టాక్, స్టార్‌బోర్డ్‌లో 240.

గుర్తుకి సులువుగా చెప్పాలంటే: గాలి ఎడమకి జరిగితే పోర్ట్, కుడికి జరిగితే స్టార్‌బోర్డ్. ఒడ్డుకి మరీ దగ్గరైనా, ఎదురుగా పడవ వచ్చినా ఈ లెక్క పక్కన పెట్టి తిరగాల్సిందే.

## 5. టాక్, అడుగు అడుగునా

ఒకటి. వేగం ఉందో లేదో చూడండి. పడవ పక్కన నీళ్లు గలగలమంటుంటే ఉన్నట్టు. నీళ్ల మీద ముదురు రంగు మచ్చలా కదిలి వచ్చేదే గాలి విసురు. విసురు తగిలి పడవ సర్దుకున్నాక తిరగడం మంచిది, అది పోయి వేగం చచ్చాక కాదు.

రెండు. గాలి వైపు భుజం మీదుగా, పడవకి అడ్డంగా చూసి ఒడ్డు మీద ఒక గుర్తు పట్టుకోండి. టాక్ అయ్యాక ముక్కు దాదాపు అక్కడ ఉండాలి. బూమ్ కింద నుంచి దిగువ వైపూ ఒకసారి చూడండి.

మూడు. హైకింగ్ స్ట్రాప్ నుంచి కాళ్లు తీసి, వెనుక కాలు పడవ అవతలి పక్కకి వేయండి. వెనుక చేతిలో ఎక్స్‌టెన్షన్, ముందు చేతిలో తాడు, రెండూ వదలకూడదు.

నాలుగు. టిల్లర్‌ని మీ నుంచి దూరంగా నెట్టండి. మొదట మెల్లగా, ముక్కు తిరగడం మొదలయ్యాక గట్టిగా. ఒక్కసారిగా అడ్డంగా నెట్టేస్తే చుక్కాని బ్రేకులా పనిచేస్తుంది.

ఐదు. బూమ్ మధ్యకి వస్తుండగా తాడు ఒక మూర వదలండి. లేజర్ బూమ్ కిందికి ఉంటుంది, గడ్డం ఛాతీకి ఆనేలా వంగాలి. ముఖం ముక్కు వైపు ఉంచుకునే అవతలికి తిరగండి, వీపు ముందుకి పెట్టి కాదు.

ఆరు. కొత్త పక్క కూర్చున్నారు. ఈ క్షణంలో ఎక్స్‌టెన్షన్ పట్టుకున్న చేయి వీపు వెనుక ఉంటుంది, ఇబ్బందిగానే ఉంటుంది, అలాగే ఉండనివ్వండి. టిల్లర్ మధ్యకి తెచ్చి, ముక్కు మీ గుర్తు మీద ఆగిందో చూడండి.

ఏడు. ఇప్పుడు తాడున్న చేతిని వెనక్కి తెచ్చి ఎక్స్‌టెన్షన్‌ని కూడా అదే గుప్పిట్లో పట్టుకోండి. పాత చేయి దాన్ని వదిలి ముందుకి వచ్చి తాడు తీసుకుంటుంది. తర్వాత తాడు బిగించండి.

చేతులు మార్చడమే కష్టం. దీనికి నీళ్లు అక్కర్లేదు, ట్రాలీ మీద ఉన్న పడవలో మాస్టు లేకుండానే కూర్చుని రెండు పక్కలా ఇరవై సార్లు చేయండి. చూసేవాళ్లు నవ్వుతారు.

## 6. టాక్ మధ్యలో ఇరుక్కుంటే

తిరిగే గాలిలో ఇది తప్పదు. మీరు తిరుగుతుండగానే గాలి కూడా అదే వైపు తిరిగిందంటే పడవ 90 డిగ్రీలకి బదులు 105 తిరగాలి, వేగం చాలదు. ముక్కు గాలికి ఎదురుగా నిలిచి, తెరచాప జెండాలా కొట్టుకుంటూ, పడవ మెల్లగా వెనక్కి పోతుంది. టిల్లర్‌ని అటూ ఇటూ ఊపితే లాభం లేదు.

1. ఏ పక్క కూర్చున్నారో అక్కడే ఉండి తాడు వదిలేయండి.
2. బూమ్‌ని చేత్తో మీ నుంచి దూరంగా నెట్టి పట్టుకోండి. టిల్లర్‌ని కూడా మీ నుంచి దూరంగా నెట్టండి.
3. పడవ వెనక్కి నడుస్తూ, ముక్కు పక్కకి తిరుగుతుంది. గాలి మీరు కూర్చున్న పక్క నుంచి తగలడం మొదలవుతుంది.
4. ఓ 45 డిగ్రీలకి పైన తిరిగాక టిల్లర్ మీ వైపు లాగి, తాడు కూడా లాగండి.

నెట్టు, నెట్టు, తర్వాత లాగు, లాగు. వెనక్కి పోయేటప్పుడు చుక్కాని ఉల్టా పనిచేస్తుంది, అందుకే ఇలా.

దీనికి వ్యతిరేకమైన తప్పూ ఉంది. టాక్ అయ్యాక కంగారులో టిల్లర్ మధ్యకి తేవడం మరిచి, పడవ గాలికి అడ్డంగా తిరిగిపోయి, ఈలోపు విసురు తగిలి పక్కకి పడిపోవడం. ఆరో అడుగులో గుర్తు చూడమన్నది ఇందుకే.

## 7. గాలి చేసే ముందే మీరు జైబ్ చేయండి

వెనుక గాలిలో పోతున్నప్పుడు దిశ తిరిగితే నష్టం దూరంలో ఉండదు, తలకి ఉంటుంది. సరిగ్గా వెనుక నుంచి గాలి వస్తుంటే అది పదిహేను డిగ్రీలు బూమ్ ఉన్న వైపుకి జరిగితే చాలు, తెరచాప వెనుక అంచు వెనుక నుంచి గాలి దూరి బూమ్‌ని విసిరేస్తుంది.

అలా జరగబోతోందని ముందే తెలుస్తుంది. చేతిలో తాడు బరువు ఉన్నట్టుండి పోతుంది. బూమ్ కొంచెం పైకి లేస్తుంది. తెరచాప వెనుక అంచు లోపలికి మడుచుకుంటుంది. ముందుగా తెలిసేది చేతికే, కళ్లకి కాదు. తాడు తేలికైందనిపించగానే టిల్లర్‌ని బూమ్ వైపుకి కొంచెం నెట్టండి, తల వంచండి. ముక్కు బూమ్‌కి దూరంగా తిరిగి తెరచాప మళ్లీ నిండుతుంది.

అసలు సరిగ్గా వెనుక గాలిలో పోవడమే మానుకోండి. ఓ రెండు పిడికిళ్లు పక్కకి, గాలి వెనుక మూల నుంచి తగిలేలా పోతే గాలి ఊగినా చోటు ఉంటుంది. తాడు తేలికవడం మళ్లీ మళ్లీ జరుగుతుంటే గాలి నిజంగానే ఆ పక్కకి మారిపోయిందని అర్థం, అప్పుడు మీ అంతట మీరే జైబ్ చేసేయండి.

## 8. జైబ్, అడుగు అడుగునా

ఒకటి. డాగర్‌బోర్డు సగం పైకి, టేపు గుర్తు దాటకుండా. పూర్తిగా కిందే ఉంటే జైబ్ తర్వాత పడవ దాని మీద తట్టుకున్నట్టు పక్కకి పడుతుంది, పూర్తిగా తీసేస్తే ఊగిపోతుంది.

రెండు. వెనక్కి తిరిగి నీళ్లు చూడండి. ముదురు మచ్చ పడవని అందుకోబోతుంటే ఆగండి. విసురు తగిలి పడవ వేగం పుంజుకుని, తాడు మీద లాగుడు కాస్త తగ్గాక చేయాలి. పడవ గాలితో పాటు పరిగెడుతున్నప్పుడు తెరచాప మీద భారం తక్కువ. మెల్లగా ఉన్నప్పుడు విసురు వస్తే బూమ్ దెబ్బ పూర్తిగా పడుతుంది. "గాలి గట్టిగా ఉంది, వేగం తగ్గించుకుని చేద్దాం" అనుకోవడం సహజం, అదే తప్పు.

మూడు. పడవని నిటారుగా ఉంచండి. ఎక్స్‌టెన్షన్ చివరని కొత్తగా కూర్చోబోయే పక్కకి ముందే తిప్పుకోండి, వెనుక కాలు మధ్యకి తెచ్చుకోండి.

నాలుగు. టిల్లర్‌ని మెల్లగా గాలి వైపుకి జరపండి. ముక్కు దిగువకి తిరుగుతుంది. తాడు బరువు కోసం చేతితో వినండి, మరో మాట దొరకలేదు నాకు.

ఐదు. తాడు తేలికైన క్షణంలో ఒక బారెడు చటుక్కున లాగి, తల వంచండి. ఇది లేజర్‌కి మరీ ముఖ్యం. బూమ్ దాటేటప్పుడు మెయిన్‌షీట్ వేలాడి పడవ వెనుక మూలకి తగులుకుంటుంది. తగులుకుంటే తెరచాప బయటికి పోలేక పడవని గాలి వైపుకి తిప్పేసి పడేస్తుంది. చటుక్కున లాగితే తాడు గాలిలోకి లేచి మూల దాటిపోతుంది.

ఆరు. బూమ్ దాటుతుండగా మీరూ దాటండి, టిల్లర్ మధ్యకి. ఆ వెంటనే పడవ గాలి వైపుకి తిరగాలని చూస్తుంది, ఒక్క సెకను టిల్లర్‌ని కొత్తగా కూర్చున్న వైపుకి కొంచెం లాగి దాన్ని ఆపండి. నీళ్లలో మీ దారి చూస్తే సాగదీసిన S లా ఉండాలి, కొడవలిలా కాదు.

ఏడు. తెరచాప పూర్తిగా బయటికి పోయేదాకా తాడు వదలండి, తర్వాతే చేతులు మార్చుకోవడం, టాక్‌లో లాగే.

ధైర్యం చాలకపోతే జైబ్ మానేయండి. తాడు లాగుతూ పడవని మెల్లగా గాలి వైపుకి తిప్పి, బోర్డు దించి, టాక్ చేసి, మళ్లీ దిగువకి తిరగొచ్చు. దూరం ఎక్కువే, పడవ మాత్రం నిటారుగా ఉంటుంది. గట్టి గాలిలో నేను ఇప్పటికీ చేస్తాను.

## 9. తప్పు ఎక్కడో పట్టుకోవడానికి

- టాక్ తర్వాత ప్రతిసారీ పడవ ఆగిపోతోంది: గాలి తగ్గినప్పుడు తిరుగుతున్నారు, లేదా తాడు బిగించే తొందరలో ఉన్నారు. కొంచెం దిగువకి నడిపి, వేగం వచ్చాక బిగించండి.
- టాక్ చేసినా గమ్యానికి దగ్గర కావడం లేదు: గాలి తగ్గుదలని హెడర్ అనుకుంటున్నారు. ఐదు లెక్కపెట్టండి.
- జైబ్ తర్వాత పడవ గిర్రున గాలి వైపుకి తిరుగుతోంది: ఆరో అడుగులో టిల్లర్ ఆలస్యం, లేదా పడవ ఒరిగి ఉండగా చేశారు.
- చేతులు మార్చేటప్పుడు టిల్లర్ జారిపోతోంది: కూర్చోకముందే మారుస్తున్నారు.

బోల్తా పడితే పడవని వదిలి ఈదొద్దు. తాడు వదులు చేయండి, చుట్టూ తిరిగి డాగర్‌బోర్డు దగ్గరికి వెళ్లి, దాని మీద బరువు వేసి పైకి లేపండి. ముక్కు గాలికి ఎదురుగా ఉంటే లేచిన పడవ మళ్లీ పడదు. హుస్సేన్‌సాగర్‌లో అయితే ఇదంతా నోరు మూసుకుని చేయాలి, ఊరికే అనడం లేదు.

## 10. మొదటి రోజు ఇలా

ఎదురుగాలిలో పది టాకులు చేయండి, ప్రతి టాక్‌కి ముందు "తిరిగిందా, తగ్గిందా" అని పైకి అనండి. తప్పు చెప్పినా పర్వాలేదు, అనడం మాత్రం మానొద్దు. తర్వాత వెనుక గాలిలో నాలుగు జైబులు, నాలుగూ మీరు అనుకున్నప్పుడే జరగాలి. ఒక్కటైనా గాలి చేసేసిందంటే ఆగి, ఆ ముందు క్షణంలో తాడు చేతికి ఎలా అనిపించిందో గుర్తు తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టండి. అలసిపోయాక జైబులు వద్దు. నాకు తలకి తగిలినవి రెండూ చివరి పావుగంటలోవే.